ఇనుప పెనం మీద పల్చటి కరకరలాడే దోశ: అంటుకోకుండా, చిరగకుండా, తక్కువ నూనెతో

దోశ పెనానికి అంటుకుంటే మనలో చాలామంది ముందుగా నూనె సీసా అందుకుంటారు. ఇంకో చెంచా వేసి మళ్లీ పిండి పోస్తారు. అప్పుడు అంటుకోవడం తగ్గినట్టే ఉంటుంది కానీ కొత్త తంటా మొదలవుతుంది. గరిటె తిప్పుతుంటే పిండి పెనం మీద ఆగదు, జారి జారి గరిటె వెంటే ముద్దగా వచ్చేస్తుంది. అదిమి పరిస్తే మధ్యలో చిరుగుతుంది, అలాగే వదిలేస్తే మందంగా తయారవుతుంది. నూనె మాత్రం దోశ నిండా పీల్చుకుని ఉంటుంది.

పల్చటి దోశ రావాలంటే పిండి పెనాన్ని ముందు పట్టుకోవాలి, తర్వాత దానంతట అదే వదలాలి. పోసిన మొదటి రెండు మూడు సెకన్లలో అడుగు పొర పెనానికి తేలిగ్గా పట్టుకుంటేనే పైన పచ్చిగా ఉన్న పిండిని గరిటెతో పల్చగా లాగగలం. ఆ తర్వాత అడుగులోని తడి ఆరి, పొర గట్టిపడి, ఎర్రబడుతున్న కొద్దీ దోశ పెనాన్ని వదిలేస్తుంది. పట్టుకోవడానికి సరైన వేడి కావాలి. వదలడానికి పెనం మీద మంచి నల్లటి పొర కావాలి. నూనె పని ఈ రెండింటి తర్వాతే మొదలవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా గ్యాస్ పొయ్యి మీద ఇనుప పెనం గురించి. నాన్‌స్టిక్ పెనం ఉన్నవాళ్లకు కావాల్సిన తేడాలు చివర్లో చెప్తాను.

పెనం మీది నల్ల పొర

బాగా వాడిన ఇనుప పెనం నల్లగా, నున్నగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. అది మురికి కాదు. పల్చగా రాసిన నూనె ఎక్కువ వేడికి మారిపోయి, ఇనుముకు గట్టిగా అతుక్కుని ఏర్పడిన పొర అది. ఇనుము చూడటానికి నున్నగా ఉన్నా దాని మీద కంటికి కనిపించని గుంటలు, గీతలు ఉంటాయి. పిండిలోని గంజి, మినపప్పులోని మాంసకృత్తులు ఆ ఉత్త ఇనుమును దొరకబుచ్చుకుంటే మళ్లీ వదలవు. నల్ల పొర ఆ గుంటలను కప్పేసి, పిండికీ ఇనుముకూ మధ్య అడ్డుగా ఉంటుంది.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఇళ్లలో ఈ పొర ఎక్కువగా పోయేది జొన్నరొట్టెల వల్ల. రొట్టె చేసేటప్పుడు పెనాన్ని నూనె లేకుండా, బాగా ఎక్కువ మంట మీద కాలుస్తాం. రొట్టె మీద నీళ్ల గుడ్డతో తడి అద్దుతాం, ఆ నీళ్లు పెనం మీదికి కూడా జారతాయి. పొడి పిండి రాలి మాడుతుంది. రోజూ అంత వేడికి పాత నూనె పొర కొద్దికొద్దిగా కాలిపోయి రాలిపోతుంది. మాడిన పిండిని వదిలించడానికి స్టీలు పీచుతో రుద్దితే మిగిలింది కూడా పోతుంది.

మా పక్క వాటాలో ఉండే చెల్లె ఒక ఆదివారం పొద్దున పెనం పట్టుకుని వచ్చింది.

"అక్కా, పిండి మంచిగనే పులిసింది. అయినా మొదటి దోశ కాంచి పెంకకు కరుసుకుంటనే ఉన్నది. నూనె పోసి పోసి యాష్టకొచ్చింది."

"రాత్రి దీని మీద ఏం చేసినవే?"

"రొట్టెలు. ఆయనకు రాత్రి పూట జొన్నరొట్టె లేకపోతే నడవది గదా."

"మరి పీచుతోని రుద్దినవా?"

"రుద్దకపోతే ఆ మాడిన పిండి ఎట్ల పోతది?"

పెనం వెలుతురులో పెట్టి చూస్తే సంగతి తెలిసిపోయింది. అంచుల చుట్టూ నల్లగానే ఉంది కానీ మధ్యలో అరచేయంత మేర బూడిద రంగులో ఉత్త ఇనుము కనిపిస్తోంది. చల్లటి పెనం మీద అంచు దగ్గర ఒక నీటి చుక్క, మధ్యలో ఒక చుక్క వేశాం. అంచు దగ్గరి చుక్క గుండ్రంగా నిలబడింది. మధ్యలోది వెంటనే పరుచుకుని తడి మచ్చగా మారింది. ఆమె దోశలు కూడా ఆ మధ్య భాగంలోనే అంటుకుంటున్నాయి, అంచులు చక్కగా లేస్తున్నాయి. మీ పెనం మీద ఏ భాగం అంటుకుంటోందో గమనించి అక్కడ నీటి చుక్కతో ఇలాగే చూడండి. చుక్క పరుచుకుంటే తప్పు పిండిది కాదు, పెనానిది.

పొర మళ్లీ ఎక్కించడం

కొత్త ఇనుప పెనానికైనా, పొర పోయిన పాత పెనానికైనా పద్ధతి ఒకటే. కొత్తదైతే తుప్పు పట్టకుండా కొట్టువాళ్లు పూసిన నూనె, నల్లటి పొడి ఉంటాయి కాబట్టి సబ్బుతో రెండు సార్లు గట్టిగా తోమాలి. పాతదైతే మాడిన పిండి, తుప్పు మచ్చలు పోయేదాకా ఈ ఒక్కసారి పీచు వాడొచ్చు. చింతపండు గుజ్జుతో రుద్దితే తుప్పు తొందరగా వదులుతుంది, తర్వాత మంచి నీళ్లతో పూర్తిగా కడిగేయాలి.

కడిగిన పెనాన్ని వెంటనే పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరేదాకా వేడి చేయండి. మంట ఆపి, పెనం గోరువెచ్చగా ఉన్నప్పుడు అర చెంచా నూనె వేసి నూలు గుడ్డతో అంతటా, అంచుల మీద కూడా రుద్దండి. ఇప్పుడు ఇంకో పొడి గుడ్డ తీసుకుని, పొరపాటున నూనె రాశాం అన్నట్టు మొత్తం తుడిచేయండి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. నూనె కంటికి కనిపించేంత మందంగా ఉంటే అది గట్టి పొరగా మారదు, జిగటగా మిగిలిపోతుంది. ఆ జిగటకు దోశ ఇంకా ఎక్కువగా అంటుకుంటుంది.

తుడిచాక మధ్యస్థ మంట మీద పెట్టి, సన్నగా పొగ లేవడం మొదలయ్యాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. వంటింటి కిటికీ తెరిచి పెట్టుకోండి. మంట ఆపి, చేయి పెట్టగలిగేంత చల్లబడనిచ్చి మళ్లీ అదే పని. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే బూడిద రంగు గోధుమ రంగులోకి, తర్వాత నలుపులోకి తిరుగుతుంది. పల్లి నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ వాడండి. నెయ్యి, కొబ్బరి నూనె ఇలా గట్టిపడవు, అవి ఈ పనికి వద్దు. ఆఖరున ఒక చెంచా నూనెలో ఉల్లిగడ్డ ముక్కలు వేసి పెనం అంతా తిప్పుతూ ఐదు నిమిషాలు వేయించి, ఆ ముక్కలు పడేయండి. ఇనుప వాసన ఏమైనా మిగిలి ఉంటే దాంతో పోతుంది.

ఆ రోజు చెల్లె పెనానికి ఇదే చేశాం. మధ్యాహ్నానికి మధ్య భాగం అంచులంత నల్లగా కాలేదు గానీ నీటి చుక్క నిలబడే స్థితికి వచ్చింది. అంత చాలు, మిగతాది దోశలు పోస్తుంటే అదే ముదురుతుంది.

రొట్టెల పెనం, దోశల పెనం వేరుగా పెట్టుకోవడం అన్నిటికంటే మంచి మార్గం. ఒక్క పెనమే ఉంటే రొట్టెలు అయ్యాక పొడి గుడ్డతో మాడిన పిండి దులిపి, వేడి మీదే నాలుగు చుక్కల నూనె రాసి తుడిచి పెట్టండి. టమాటా, చింతపులుసు లాంటి పుల్లటివి ఆ పెనం మీద ఎప్పుడూ వండకూడదు, పులుపు పొరను తినేస్తుంది.

పిండి: బియ్యం ఎక్కువ, నీళ్లు చివర్లో

కరకరలాడే దోశకు నేను వాడే కొలత ఇది: మూడు గ్లాసుల బియ్యం, ముప్పావు గ్లాసు పొట్టు తీసిన మినపగుండ్లు, రెండు చెంచాల శనగపప్పు, ఒక చిన్న చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. అంటే బియ్యం నాలుగు పాళ్లు, మినపప్పు ఒక పాలు. మినపప్పు ఇంతకంటే పెరిగితే పిండి సాగుతుంది. గరిటె తిప్పినప్పుడు ఒకచోట పరిచిన పిండిని ఇంకోచోటికి లాగేస్తుంది, దోశ మెత్తగా వస్తుంది. బియ్యం మరీ పెరిగితే మడిచినప్పుడు విరుగుతుంది. శనగపప్పు రంగు కోసం, అటుకులు పిండి తేలిగ్గా పులియడం కోసం.

బియ్యం సంగతి మన దగ్గర కొంచెం మారింది. ఇదివరకు రేషన్ దొడ్డు బియ్యాన్ని చాలా ఇళ్లలో దోశలకే ఉంచేవాళ్లు. అది దోశకు నిజంగా బాగుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ మీద సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు దోశకు కూడా అవే వాడుతున్నాం. సన్నబియ్యంతో మంచి దోశ వస్తుంది, కాకపోతే కొత్త బియ్యమైతే జిగట ఎక్కువ. కొత్త బియ్యంతో పోసినప్పుడు అటుకులు మానేసి, మినపప్పు కాస్త తగ్గించండి. రుబ్బేటప్పుడు నీళ్లు కూడా తక్కువ పట్టుతాయి. దొడ్డు బియ్యం కావాలనుకుంటే కిరాణా కొట్టులో అడిగితే దొరుకుతాయి.

ఐదారు గంటలు నానాక మినపప్పును ముందు విడిగా రుబ్బండి. మిక్సీ అయితే ఫ్రిజ్ నీళ్లు పోసి, మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బాలి. జారు వేడెక్కితే పప్పు పొంగు తగ్గుతుంది. బియ్యాన్ని మరీ వెన్నలా కాకుండా, వేళ్ల మధ్య రాస్తే చాలా సన్నటి పలుకు తగిలేలా ఆపేయాలి. ఆ పలుకే కరకరకు సాయం చేస్తుంది. రెండూ కలిపి చేత్తో ఒక నిమిషం కలపండి.

పులియడానికి పట్టే సమయం మన ఎండల్ని బట్టి చాలా మారుతుంది. పగటి ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో ఐదారు గంటలకే పిండి లేస్తుంది, రాత్రి పదింటికి రుబ్బి పెట్టి పొద్దున ఏడింటికి చూస్తే పులిసి పొర్లి ఉంటుంది. ఎండాకాలం రుబ్బగానే ఉప్పు కలపండి, పులియడం కొంచెం నెమ్మదిస్తుంది. పిండి లేవగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. డిసెంబర్, జనవరిలో అదే పిండికి పన్నెండు, పద్నాలుగు గంటలు కూడా పట్టొచ్చు. అప్పుడు గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, ఉప్పు పొద్దున కలపండి.

పులుపు ఎక్కువైన పిండితో ఎంత కాల్చినా దోశ ఎర్రబడదు, తెల్లగా ఎండిపోయినట్టు ఉంటుంది. పులుపు పెరిగితే రంగు రావడం మందగిస్తుంది. ఎర్రబడలేదని ఎక్కువసేపు ఉంచితే గట్టిపడి విరుగుతుంది. ఇలాంటి పిండిలో అర చెంచా చక్కెర, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. మరీ పుల్లగా అయిపోతే దాన్ని పల్చటి దోశకు వాడకండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి మందంగా ఊతప్పం పోసుకోండి.

ఆఖరుది పలుచన. ఇడ్లీ పిండి చిక్కదనంతో పల్చటి దోశ రాదు. పోయబోయే పిండిని మాత్రమే వేరే గిన్నెలోకి తీసుకుని కొద్దికొద్దిగా నీళ్లు కలపండి. గరిటెను ముంచి పైకెత్తితే పిండి ఆగకుండా ధారగా పడాలి, పడిన చోట గీత ఒక్క క్షణం కనిపించి కలిసిపోవాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత అలాగే నిలవాలి. వెంటనే కారి కలిసిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, ఆ పిండి పెనం మీద చిల్లులు పడి వలలాగా తయారవుతుంది. ఫ్రిజ్‌లోని పిండి అయితే గంట ముందే బయట పెట్టండి. చల్లటి పిండి పడిన చోట పెనం ఒక్కసారిగా చల్లబడి సరిగ్గా అక్కడే అంటుకుంటుంది.

రెండు వేడులు: పరవడానికి ఒకటి, కాల్చడానికి ఒకటి

మర్నాడు చెల్లె మళ్లీ పోసింది. మొదటి రెండు దోశలు చక్కగా లేచాయట. మూడోది గరిటె తిప్పగానే పిండి ముద్దకట్టి, పెనం మీద నుంచి లేచి వచ్చేసింది. పెనం మీద పొర ఉంది, పిండి అదే, నూనె అంతే. మారింది వేడి ఒక్కటే. రెండు దోశలు కాలేసరికి ఇనుము బాగా కాగిపోయింది, ఆ కాగిన పెనం మీదే ఆమె మూడోది పోసింది.

దోశ కాలడానికి ఎంత వేడి కావాలో, పరవడానికి అంతకంటే తక్కువ కావాలి. ప్రతి దోశకూ ఈ వేడిని కిందికి దించి, మళ్లీ పైకి తీసుకెళ్లాలి. దీనికి థర్మామీటర్ అక్కర్లేదు, వేళ్లతో నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే పెనమే చెప్తుంది.

చుక్కలు పడి, నెమ్మదిగా బుడగలు వచ్చి, కాసేపటికి ఆరితే పెనం ఇంకా కాగలేదు. ఇప్పుడు పోస్తే పిండి హాయిగా పరుచుకుంటుంది. కానీ అడుగు పొర గట్టిపడే లోపే పచ్చి పిండి గుంటల్లోకి దిగిపోయి అతుక్కుపోతుంది. మొదటి దోశ తరచుగా పాడయ్యేది ఇందుకే. చుక్కలు పడగానే చుయ్‌మని ఒకటి రెండు సెకన్లలో ఎగిరిపోతే అది సరైన వేడి. చుక్కలు ఎగరకుండా గుండ్రంగా మారి పెనం మీద పరుగులు పెడితే మరీ కాగింది, సుమారు 200 డిగ్రీలు దాటినట్టు. అంత వేడికి చుక్క అడుగున ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకి లేపుతుంది. పిండి పోసినా అదే జరుగుతుంది. ఆవిరి అడుగున ఉంటే పిండి పెనాన్ని పట్టుకోదు, తగిలిన చోటల్లా వెంటనే ఉడికి గరిటెకు చుట్టుకుంటుంది.

ఇక వరుసగా ఒక దోశ ఎలా పోయాలో చెప్తాను.

పెనాన్ని మధ్యస్థ మంట మీద నాలుగైదు నిమిషాలు కాగనివ్వండి. మందపాటి పెనాన్ని పెద్ద మంట మీద తొందరపెడితే మధ్యలో మాత్రం కాగి అంచులు చల్లగా ఉంటాయి. చుక్కలు వేసి చూసి, బాగా కాగాక మంట తగ్గించండి. ఒక ఉల్లిగడ్డను అడ్డంగా సగానికి కోసి, గుండ్రటి వైపు ఫోర్కు గుచ్చి, కోసిన వైపు రెండు చుక్కల నూనెలో అద్ది పెనం అంతా గట్టిగా రుద్దండి. ఉల్లిగడ్డ తడి పెనాన్ని కొంచెం చల్లబరుస్తుంది, పాత దోశ తునకల్ని ఎత్తేస్తుంది, నూనెను కంటికి కనిపించనంత పల్చగా పూస్తుంది. ఇంతకు మించి నూనె ఇప్పుడు వద్దు. పెనం మీద నూనె మెరుస్తూ కనిపిస్తే గుడ్డతో తుడిచేయండి.

తర్వాత చారెడు నీళ్లు చిలకరించి, చుయ్‌మనగానే తడిపి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. ఆవిరి తగ్గిన వెంటనే, అంటే రెండు మూడు సెకన్లలో, పిండి పోయాలి. ఆలస్యం చేస్తే పెనం మళ్లీ కాగిపోతుంది.

గరిటె అడుగు చదునుగా ఉండాలి. గుండ్రటి అడుగున్న పప్పు గరిటె అయితే మధ్యలో గీతలు పడతాయి. నిండు గరిటె పిండి సరిగ్గా మధ్యలో పోసి, గరిటె అడుగును పిండి మీద ఆనించి, మధ్య నుంచి బయటికి ఒకే వైపు చుట్లు తిప్పుకుంటూ వెళ్లండి. చేతి బరువు గరిటె మీద పడకూడదు, గరిటె పెనానికి కాదు, పిండికి మాత్రమే తగలాలి. మొత్తం నాలుగైదు సెకన్లలో అయిపోవాలి. మధ్యలో గరిటె ఎత్తకండి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే వెనక్కి వెళ్లి దిద్దకండి, అక్కడ అడుగు అప్పటికే ఉడికి ఉంటుంది, గరిటె తగిలితే చిరుగుతుంది. ఖాళీలో రెండు చుక్కల పిండి వేసి వదిలేయండి.

పరిచాక మంట మధ్యస్థానికి పెంచండి. ఇది కాల్చే వేడి.

నూనె ఎప్పుడు, ఎంత

పరిచిన వెంటనే నూనె వేస్తే పచ్చి పిండి దాన్ని పీల్చుకుంటుంది, దోశ బరువెక్కి మెత్తబడుతుంది. పైన తడి మెరుపు పోయి, పిండి మసకబారి, అక్కడక్కడా సన్నటి రంధ్రాలు కనిపించేదాకా ఆగండి. మామూలుగా అర నిమిషం పడుతుంది. అప్పుడు అర చెంచా నూనె చాలు. అందులో ఎక్కువ భాగం అంచు చుట్టూ, మిగతాది పైన చుక్కలుగా. అంచున వేసిన నూనె దోశకీ పెనానికీ మధ్య ఉన్న సన్నటి సందులోకి తనంతట తానే పాకుతుంది. అడుగును వేయించి ఎర్రగా చేసేది ఆ నూనే. చిన్న చెంచాతో అర చెంచా అంటే రెండున్నర మిల్లీలీటర్లు, పది దోశలకు 25 మిల్లీలీటర్లు. సీసా వంచి పోస్తే ఎంత పడుతుందో తెలియదు కాబట్టి నూనె చిన్న గిన్నెలో పోసుకుని చెంచాతో వేయండి.

నూనె అస్సలు లేకుండా కూడా దోశ లేస్తుంది, పొర బాగుంటే. కానీ అది ఎండినట్టుగా ఉంటుంది, కరకరలాడదు. డాక్టర్ నూనె తగ్గించమన్న వాళ్లకు పావు చెంచాకు దించినా రుచి నిలుస్తుంది. అంతకంటే కిందికి పోతే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు దోశను ముట్టుకోకండి. నిమిషం, నిమిషంన్నరలో అడుగు రంగు పైకి బంగారు గోధుమగా కనిపిస్తుంది, అంచులు సన్నగా పైకి లేస్తాయి. అట్లకాడను అంచు కిందికి తోస్తే అడ్డం లేకుండా జారాలి. ఎక్కడైనా ఆగితే బలవంతం చేయకండి. అక్కడ ఇంకా తడి ఉంది, పది పదిహేను సెకన్లు ఆగితే వదులుతుంది. చిరిగిపోయే దోశల్లో చాలావరకు ఈ తొందర వల్లే చిరుగుతాయి. పల్చటి దోశను తిప్పి రెండో వైపు కాల్చకూడదు. అంత పల్చటి పిండి ఒక వైపు వేడికే ఉడికిపోతుంది, తిప్పితే పైన ఆవిరి తగిలి కరకర పోతుంది.

దోశ తీశాక పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మూత పెట్టకండి. ఆవిరికి రెండు నిమిషాల్లో మెత్తబడతాయి. పెనం మీద నుంచి నేరుగా తినేవాళ్ల పళ్లెంలోకి పోవాలి, పల్లి చట్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

మధ్యలో మాడి, అంచులు తెల్లగా ఉంటే

ఇది పొయ్యి సమస్య. చిన్న బర్నర్ మంట పెద్ద పెనం మధ్యకే తగులుతుంది. ఇనుము వేడిని అంచులకు నెమ్మదిగా పంపుతుంది. పెద్ద బర్నర్ వాడండి. అయినా తేడా ఉంటే నూనె వేశాక పెనాన్ని కొంచెం పక్కకు జరిపి, అంచు మంట మీదికి వచ్చేలా పెట్టి, ఇరవై సెకన్లకు ఒకసారి పావు వంతు తిప్పుతూ చుట్టూ కాల్చండి. పెద్ద హోటల్ దోశ ఇంట్లో చిన్న మంట మీద అన్ని వైపులా ఒకేలా ఎర్రగా రాదు, దోశ సైజు తగ్గించుకోవడమే తెలివైన పని.

ఇండక్షన్ మీద అడుగు పూర్తిగా చదునుగా ఉన్న పెనమే పనికొస్తుంది. వాడుకలో కొంచెం గుంత పడిన పాత పెనం మీద వేడి ఒకచోటే పోగవుతుంది.

నాన్‌స్టిక్ పెనం మీద పొర ఎక్కించే పని లేదు, అంటుకునే భయం కూడా తక్కువ. కష్టం పరవడంలోనే, ఎందుకంటే అది పిండిని పట్టుకోనివ్వదు. కాబట్టి నూనె, ఉల్లిగడ్డ రెండూ వద్దు, తడి గుడ్డతో తుడిచి, ఇనుప పెనం కంటే కొంచెం తక్కువ వేడి మీద పిండి పోయండి. పెద్ద మంట మీద ఖాళీగా కాగనివ్వకండి, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. స్టీలు అట్లకాడ కాకుండా చెక్కది వాడండి. ఇనుప పెనం మీద వచ్చేంత కరకర దీని మీద రాదు.

ఒకటి అంటుకుపోతే

మధ్యలో ఒక దోశ పాడైతే ఆ తునకల మీదే ఇంకోటి పోయకండి, అది కూడా అక్కడే పట్టుకుంటుంది. మంట తగ్గించి, పెనం మీద ఒక చెంచా కల్లుప్పు, అర చెంచా నూనె వేసి మడిచిన గుడ్డతో గుండ్రంగా రుద్దండి. చేయి కాలకుండా గుడ్డ మందంగా ఉండాలి. ఉప్పు గరుకుకు తునకలు లేస్తాయి, పొర మాత్రం పోదు. ఉప్పు దులిపి, గుడ్డతో తుడిచి, ఉల్లిగడ్డ రుద్ది, నీళ్లు చిలకరించి మళ్లీ మొదలుపెట్టండి. రెండు మూడు దోశలు వరుసగా ఒకే చోట అంటుకుంటే అక్కడ పొర పోయినట్టే. ఆ పూటకు ఆ భాగం వదిలేసి చిన్న దోశలు పోసుకుని, తీరిక ఉన్నప్పుడు నూనె పొర ఎక్కించండి.

ఆఖరి దోశ తీశాక పెనం వేడిగా ఉండగానే పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాసి, మళ్లీ తుడిచి పెట్టండి. సబ్బు, పీచు అక్కర్లేదు. తప్పక కడగాల్సి వస్తే నీళ్లతో కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయాలి, సింకులో తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. గిన్నెలో నీళ్లు కలిపిన పిండి మిగిలితే దాన్ని అసలు పిండిలో కలపకండి, అదే రోజు సాయంత్రానికి పోసేయండి. నీళ్లు కలపని పిండి ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది. మూడో రోజుకు పులుపు కొద్దిగా ముందుకొస్తుంది కాబట్టి పోసే ముందు చిటికెడు చక్కెర వేసుకోండి.